పేరు కలిసింది, ఇంటిపేరు కలవలేదు

తెనాలిలో మాకు బాగా తెలిసిన ఒక రిటైర్డ్ మాస్టారు ఇంటి పైన గది కట్టిస్తున్నారు. మేస్త్రీకి 62,000 రూపాయలు ఇవ్వాల్సి వచ్చింది. శనివారం రాత్రి భోజనమయ్యాక ఫోన్లో బ్యాంకు యాప్ తెరిచి, మేస్త్రీ చీటీ మీద రాసిచ్చిన ఖాతా నంబరు చూసి కొట్టారు. చీటీలో 47 ఉన్నచోట 74 పడింది. నంబరు రెండోసారి కొట్టమన్నప్పుడు ఆయన చీటీ చూడలేదు. నోట్లో మెదులుతున్న నంబరే మళ్లీ కొట్టారు. తెర మీద ఖాతాదారు పేరు కె.శ్రీనివాసరావు అని వచ్చింది. మేస్త్రీ పేరు జి.శ్రీనివాసరావు. పేర్లు మార్చి చెబుతున్నాను గానీ, జరిగింది ఇదే. శ్రీనివాసరావు అన్న మాట కనబడగానే మాస్టారు సరేనని నొక్కేశారు. ఆదివారం మధ్యాహ్నం మేస్త్రీ ఫోన్ చేసి "ఇంకా పడలేదండీ" అనేదాకా సంగతి తెలియలేదు.

"పేరు వేరు కదా, బ్యాంకు ఎలా వేసింది?" అన్నది మాస్టారి మొదటి ప్రశ్న. అందరూ అడిగేదీ ఇదే. నెఫ్ట్ లాంటి పద్ధతుల్లో డబ్బు చేరేది ఖాతా నంబరును బట్టే, పేరును బట్టి కాదు. 2010 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, జమ కేవలం నంబరు ఆధారంగా చేయవచ్చు, నంబరు సరిగ్గా ఇచ్చే బాధ్యత పంపేవారిదే. చాలా ఏళ్లపాటు పంపేవారికి అవతలి పేరు చూసుకునే వీలే ఉండేది కాదు. నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో పేరు చూపించే సదుపాయం 2025 ఏప్రిల్ 1 నాటికల్లా కల్పించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. దీనికి ఖాతాదారు నుంచి రుసుము తీసుకోకూడదు. ఆ పేరు బ్యాంకు రికార్డులోంచి వస్తుంది. మన దగ్గర ఒకే పేరున్నవాళ్లు వీధికి నలుగురుంటారు కాబట్టి, చూడాల్సింది పేరు కాదు, ముందున్న ఇంటిపేరు అక్షరం. అది కలవకపోతే ఆగి అవతలి మనిషికి ఫోన్ చేయాలి.

తప్పు నంబరు అసలు ఎవరిదీ కాకపోతే భయం లేదు. అలాంటి ఖాతా లేదని తేలగానే అవతలి బ్యాంకు డబ్బు తిప్పి పంపాలి. నెఫ్ట్‌లో అయితే ఆ బ్యాచ్ ముగిసిన రెండు గంటల్లోపు తిరిగి రావాలి. ఆలస్యమైతే బ్యాంకు వడ్డీ కట్టాలి. అందుకే మాస్టారు ఆదివారమంతా "వెనక్కి వస్తుందేమో" అని ఎదురుచూశారు. నిజానికి శనివారం రాత్రే వెనక్కి రాలేదంటే ఆ నంబరుకు ఎవరో ఖాతాదారు ఉన్నారనే అర్థం. ఆ ఎదురుచూపులో ఒక రోజు పోయింది.

చేయాల్సిన మొదటి పని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవడం. సెలవురోజైనా అది కుదురుతుంది. మర్నాడు బ్రాంచికి వెళ్లి కాగితం ఇవ్వాలి. అందులో తేదీ, సమయం, మొత్తం, కొట్టిన నంబరు, కొట్టాల్సిన నంబరు, యూటీఆర్ నంబరు ఉండాలి. యూటీఆర్ అంటే ఆ ఒక్క బదిలీకి పడే గుర్తింపు సంఖ్య. నెఫ్ట్‌లో అది 16 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. అది లేకుండా అవతలి బ్యాంకు ఏదీ వెతకలేదు. మేస్త్రీ రాసిచ్చిన చీటీ ఫొటో, ఆయన పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సు కూడా మాస్టారు జతచేశారు. ఇది తెలివైన పని. 47కీ 74కీ మధ్య పొరపాటు ఎలా జరిగిందో చూసినవాడికి వెంటనే అర్థమవుతుంది. కాగితం నకలు మీద తేదీ వేసి స్టాంపు కొట్టించుకోవడం మరవకూడదు. తర్వాత దాని అవసరం పడుతుంది.

ఇక్కడ నుంచి బ్యాంకు చేయగలిగేది ఒక్కటే, అడగడం. మన బ్యాంకు అవతలి బ్యాంకుకు రాస్తుంది. ఆ బ్రాంచి తన ఖాతాదారును పిలిచి, ఈ డబ్బు పొరపాటున పడింది, తిరిగిస్తారా అని అడుగుతుంది. ఆయన ఒప్పుకుని రాసిస్తేనే డబ్బు తీస్తుంది. మన ఫిర్యాదు చూసి ఆయన ఖాతాలోంచి తనంతట తాను తీసెయ్యలేదు. ఇది మనకు అన్యాయంగా తోస్తుంది. కానీ ఎవరో ఫిర్యాదు రాశారని రేపు మన ఖాతాలోంచి బ్యాంకు డబ్బు తీస్తే ఊరుకుంటామా? ఆయన ఫోన్ నంబరు, చిరునామా కూడా బ్యాంకు మనకు చెప్పదు.

చెప్పినా మనమే ఫోన్ చేయడం మంచిది కాదని నా అభిప్రాయం. "మీ ఖాతాలో పొరపాటున డబ్బు వేశాను, ఈ నంబరుకు పంపండి" అనేది మోసగాళ్లు రోజూ ఆడే మాట. నిజాయితీ ఉన్నవాడే ఎక్కువ జంకుతాడు. అదే మాట తన బ్రాంచి మేనేజరు నోట వింటే నమ్ముతాడు. మీ ఖాతాలో ఇలా డబ్బు పడినా అదే దారి. అడిగినవాడికి నేరుగా పంపకుండా బ్రాంచికి వెళ్లి, వచ్చిన ఖాతాకే తిరిగి పంపమని రాసివ్వాలి.

మాస్టారి విషయంలో కె.శ్రీనివాసరావు బాపట్ల దగ్గర పల్లెలో ఉంటారు. డబ్బు పడిన సంగతి ఆయనకు తెలియనే తెలియదు. ఈలోగా ఆయన బండి లోను వాయిదా 5,300 రూపాయలు ఆ ఖాతాలోంచి దానంతటదే తెగిపోయింది. ఆలస్యం వల్ల వచ్చే చిక్కు ఇదే. పాత బాకీలున్న ఖాతాలో పడిన డబ్బు మిగలడం కష్టం.

ఆయన ససేమిరా అంటే? అప్పుడూ దారి మూసుకుపోదు. పొరపాటున చేరిన డబ్బును చేరినవాడు తిరిగివ్వాలని భారత కాంట్రాక్టు చట్టం 72వ సెక్షను చెబుతుంది. దాని ఆధారంగా సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. మూడేళ్ల గడువు దాటనివ్వకూడదు. అవతలివారి వివరాలు కోర్టు ద్వారా బ్యాంకు నుంచి రప్పించవచ్చు. దావాకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టి లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నిస్తే కోర్టు ఫీజు ఉండదు. 60 వేల లాంటి మొత్తాలకు నేనైతే ముందు ఇదే చేస్తాను.

తనది కాదని తెలిసీ దురుద్దేశంతో వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను కింద అది నేరం. ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు శిక్ష, జరిమానా ఉంటాయి. అయితే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరాల్లో ఇదొకటి. స్టేషన్‌లో వెంటనే ఎఫ్ఐఆర్ కట్టలేదంటే కారణం అదే కావచ్చు. 1930 నంబరు సైబరు మోసాల కోసం. మన చేతి పొరపాటును మోసమని అక్కడ చెప్పకూడదు.

అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లాల్సింది బ్యాంకు మీద ఫిర్యాదుతోనే, డబ్బు అందుకున్న మనిషి మీద కాదు. మీరిచ్చిన కాగితాన్ని బ్యాంకు పక్కన పడేసినా, 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా cms.rbi.org.in లో రాయవచ్చు. స్టాంపు కొట్టించుకున్న నకలు అక్కడ పనికొస్తుంది.

మాస్టారికి అంతదాకా రాలేదు. బ్రాంచివాళ్లు కబురు చేస్తే కె.శ్రీనివాసరావు వచ్చి చీటీ ఫొటో చూశారు. తన నంబరుతో పోల్చుకుని సంతకం పెట్టారు. ఫిర్యాదిచ్చిన పదకొండో రోజున 56,700 రూపాయలు కొత్త నెఫ్ట్‌గా మాస్టారి ఖాతాలోకి వచ్చాయి. మిగిలిన 5,300 మినుములు అమ్మాక ఇస్తానని కాగితం మీద రాసిచ్చారు, ఫిబ్రవరిలో అదే బ్రాంచి నుంచి పంపారు.