తప్పు యాడ్‌దా, కొట్టుదా?

"యాడ్స్‌కి డబ్బు పోస్తూనే ఉన్నాం, ఆర్డర్లు మాత్రం రావడం లేదండీ." ఆన్‌లైన్‌లో చీరలో పచ్చళ్లో అమ్ముకునే చిన్న వ్యాపారుల నోట తరచూ వినిపించే మాట ఇది. ఆ వెంటనే వాళ్లు చేసే పని యాడ్ మార్చడం. కానీ జనం కొట్టుదాకా రాక అమ్మకాలు తగ్గాయా, వచ్చినవాళ్లు లోపల ఎక్కడో విసుగెత్తి వెళ్లిపోతున్నారా అన్నది ముందు తేల్చుకోవాలి. దానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు, మెట్టు మెట్టుకీ తలలు లెక్కపెడితే చాలు.

మంగళగిరి చీరలు అమ్మే ఒక చిన్న వెబ్‌సైట్ ఉందనుకుందాం. నెలలో 8,000 మంది వచ్చారు. 400 మంది చీరను కార్ట్‌లో పెట్టారు. 240 మంది చెకౌట్ నొక్కారు. 200 మంది అడ్రసు ఇచ్చారు. డబ్బు కట్టింది మాత్రం 60 మందే. గూగుల్ అనలిటిక్స్ సరిగా అమర్చుకుంటే ఈ మెట్లు add_to_cart, begin_checkout, add_shipping_info, purchase అనే పేర్లతో కనిపిస్తాయి.

కార్ట్‌లో పెట్టిన 400 మందిలో 340 మంది కొనకుండా పోయారు, అంటే 85 శాతం. ఈ అంకె చూసి బెంబేలెత్తక్కర్లేదు. డెన్మార్క్‌లోని బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ ఎన్నో అధ్యయనాల సగటు తీసి, కార్ట్‌లో పెట్టినవాళ్లలో దాదాపు 70 శాతం మంది కొనరని తేల్చింది. చాలామంది ధర పోల్చుకోవడానికో, తర్వాత చూద్దామనో కార్ట్‌లో పడేస్తారు. అందుకే మొత్తం శాతం కంటే ఏ మెట్టు దగ్గర ఎక్కువమంది జారిపోయారన్నదే మనకు ముఖ్యం. ఇక్కడ చెకౌట్ నొక్కిన 240 మందిలో 200 మంది అడ్రసుదాకా వచ్చారు. అడ్రసు టైపు చేసే ఓపిక చూపినవాళ్లు ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లు కారు. అయినా వాళ్లలో 140 మంది డబ్బు కట్టకుండా వెనుదిరిగారు.

ఇప్పుడు అసలు పరీక్ష. అదే మెట్టును, మనుషులు ఎటునుంచి వచ్చారో దాన్నిబట్టి విడదీసి చూడాలి. యాడ్ చూసి వచ్చి అడ్రసు ఇచ్చినవాళ్లు 150 మంది, అందులో కొన్నది 44 మంది. వాట్సాప్ లింకు పట్టుకుని వచ్చిన పాత ఖాతాదారులు 50 మంది, అందులో కొన్నది 16 మంది. రెండు చోట్లా మూడో వంతుకు కాస్త అటూఇటుగానే ఉంది. కొట్టును నమ్మే పాతవాళ్లూ అక్కడే ఆగిపోతున్నారంటే తప్పు యాడ్‌ది కాదు, కొట్టుది.

లెక్క ఇలా కాకుండా, యాడ్ ద్వారా వచ్చిన 6,500 మందిలో 30 మందే కార్ట్‌లో పెట్టి, పాతవాళ్లు 1,500 మందిలో 110 మంది పెట్టారనుకోండి. అప్పుడు కథ వేరు. యాడ్‌లో 699 అని చూపించి, పేజీ తెరిస్తే 1,850 కనిపించినా, పట్టు కావాల్సినవాళ్లకి నూలు చూపించినా ఇలాగే అవుతుంది. అప్పుడు చెకౌట్ ఎంత బాగుచేసినా లాభం లేదు.

మన కొట్టులో తప్పేమిటో తెలియాలంటే మామూలు ఫోన్‌లో, మొబైల్ డేటా మీద మనమే ఒక చీర ఆర్డరు చేసి చూడాలి. చీర ధర 1,850. అడ్రసు ఇచ్చాక డెలివరీ 120, క్యాష్ ఆన్ డెలివరీకి ఇంకో 60 కలిసి 2,030 అయింది. ఆ 180 రూపాయలు చివర్లో ఎదురుపడితే మోసపోయినట్టు అనిపిస్తుంది. డెలివరీ ఖర్చును చీర పేజీలోనే చెబితే కార్ట్‌లో పెట్టేవాళ్లు కాస్త తగ్గొచ్చు, కానీ అడ్రసు ఇచ్చాక వెనుదిరిగేవాళ్లు తగ్గాలి. అది చూడాలంటే ఆ నెల యాడ్‌ను ముట్టుకోకూడదు. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఫలితం వచ్చిందో చెప్పలేం.

రెండు జాగ్రత్తలు. యూపీఐ యాప్‌లో డబ్బు కట్టిన కొందరు తిరిగి బ్రౌజర్‌కి రారు. చివరి పేజీ తెరుచుకోకపోతే purchase నమోదు కాదు, కొన్నవాళ్లు కూడా వదిలేసినవాళ్ల లెక్కలో పడతారు. అందుకే ఆ 60ని పేమెంట్ గేట్‌వే ఖాతాతోనూ, ఆర్డర్ల పుస్తకంతోనూ సరిచూసుకోవాలి. ఇక రెండోది, అంకెలు మరీ చిన్నవైతే తీర్పు చెప్పకూడదు. 50 మందిలో 16 అన్నది ఒక సూచన మాత్రమే. పది మందిలో ముగ్గురు అన్నదైతే సూచన కూడా కాదు, ఇంకో నెల ఆగి చూడాలి.

ఇంత చూశాక కూడా పాతవాళ్లు సాఫీగా కొంటూ, యాడ్‌వాళ్లు మాత్రమే పై మెట్లలోనే జారిపోతుంటే, అప్పుడు యాడ్ మార్చండి. పాతవాళ్లూ ఆగిపోతున్న మెట్టు ఉంటే మాత్రం ముందు దాన్ని సరిచేయండి. లేకపోతే యాడ్‌కి పెట్టే ప్రతి రూపాయీ మరో మనిషిని తెచ్చి అదే మెట్టు మీంచి జారుస్తుంది.