చూపు లేకున్నా, మాట రాకున్నా సాక్ష్యం చెల్లుతుంది
రాసుకునే తీరులోనే కేసు గెలుపోటములు

కర్నూలు: కళ్లు లేని మనిషి సాక్ష్యం ఏం చెల్లుతుంది, మాట రాని మనిషి కోర్టులో ఏం చెబుతుంది అని పల్లెల్లో చాలామంది అనుకుంటారు. చట్టం అలా అనడం లేదు. అయితే ఆ సాక్ష్యాన్ని సరిగా రాసుకోకపోతే మాత్రం కేసు దెబ్బతింటుంది. ఇందుకు సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రెండు కేసులే నిదర్శనం.

మొదటిది మన జిల్లాలోనిదే. పుట్టుకతోనే చూపు లేని ఒక దళిత యువతిపై 2011లో ఆమె ఇంట్లోనే అత్యాచారం జరిగింది. నిందితుడు ఆమె సోదరులకు స్నేహితుడు, ఇంటికి తరచు వచ్చిపోయేవాడు. కేకలు విని తల్లి పరుగున వచ్చేసరికి తలుపు లోపల గడియ వేసి ఉంది. ఇరుగుపొరుగు వారు వచ్చి, తలుపు తీసి పారిపోబోతున్న అతడిని పట్టుకున్నారు. చూడలేని ఆమె మనిషిని ఎలా గుర్తుపట్టింది? గొంతును బట్టి. రోజూ ఇంటికి వచ్చేవాడి గొంతు ఆమెకు బాగా తెలుసు. చూపున్నవారికి ముఖం ఎలాగో ఆమెకు గొంతు అలాగేనని, వికలాంగుల సాక్ష్యం ఇతరుల సాక్ష్యానికి తీసిపోదని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 27న తీర్పు చెప్పింది. అత్యాచార నేరానికి విధించిన యావజ్జీవ శిక్షను ఖాయపరిచింది.

కాబట్టి అంధులు ఫిర్యాదు ఇచ్చేటప్పుడు "ఫలానావాడు చేశాడు" అని ఒక్క ముక్క రాయిస్తే చాలదు. ఆ గొంతు ఎప్పటినుంచి తెలుసు, అతడు ఎన్నిసార్లు మాట్లాడాడు, ఆ రోజు ఏ మాట అన్నాడు అనేవి కూడా మొదటి ఫిర్యాదులోనే చేర్పించాలి.

రెండవది రాజస్థాన్‌కు చెందిన హత్య కేసు. హతుని భార్యే ప్రత్యక్ష సాక్షి. ఆమెకు వినపడదు, మాట రాదు. కోర్టులో ఆమె సైగలకు అర్థం చెప్పినవాడు ఆమె తండ్రి. అతనిచేత ప్రమాణం చేయించలేదు. ఆమె చేసిన సైగలేమిటో కూడా రికార్డులో రాయలేదు, అతను చెప్పిన అర్థం మాత్రమే రాశారు. నిందితుణ్ణి విడిచిపెట్టిన హైకోర్టు తీర్పును 2012లో సుప్రీంకోర్టు సమర్థించడానికి గల కారణాలలో ఈ లోపాలు కూడా ఉన్నాయి.

సైగల సాక్ష్యానికి పద్ధతి ఏమిటో ఆ తీర్పే చెప్పింది. సాక్షికి చదువు వస్తే, ప్రశ్న రాసి చూపించి జవాబు రాయించుకోవడమే మేలు. చదువు రాకపోతే సైగలు తెలిసిన మధ్యవర్తి కావాలి. అతనికి కేసుతో సంబంధం ఉండరాదు, అతనిచేత ప్రమాణం చేయించాలి. సైగనూ, దాని అర్థాన్నీ రెండింటినీ రాయాలి. ఉదాహరణకు "ఎవరు కొట్టారు?" అన్న ప్రశ్నకు సాక్షి మీసం మెలితిప్పినట్టు చూపి, తర్వాత ఎదురింటి వైపు వేలు చూపితే, ఆ రెండు సైగలనూ ఉన్నవున్నట్టు రాసి, తర్వాతే "ఎదురింటి మీసాలాయన" అన్న అర్థం రాయాలి. కాగితం మీద వట్టి అర్థమే ఉంటే, మధ్యవర్తి సొంతంగా కల్పించి చెప్పాడని ఎదుటి వకీలు అనగలడు.

పల్లెల్లో చిక్కు ఇక్కడే వస్తుంది. బడికి వెళ్లని బధిరుల సైగలు తల్లికో, అక్కకో మాత్రమే తెలుస్తాయి. అలాంటప్పుడు బధిరుల పాఠశాల ఉపాధ్యాయుడిని గాని, సైగల భాష తెలిసిన వారిని గాని ముందుగానే పిలిపించి, ఒకటి రెండు రోజులు సాక్షితో మెలగనిస్తే ఆ ఇంటి సైగలు పట్టుబడతాయి.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టాలలో ఈ సదుపాయాలు ఉన్నాయి. సాక్షిగా విచారించడానికి వికలాంగులను పోలీసు స్టేషనుకు రమ్మని బలవంతపెట్టరాదు, పోలీసులే ఇంటికి రావాలి. అత్యాచారం వంటి నేరాలలో బాధితురాలు వికలాంగురాలైతే, ఆమె ఇంటి వద్ద గాని, ఆమె కోరిన చోట గాని ఫిర్యాదు రాసుకోవాలి. మధ్యవర్తి గాని, ప్రత్యేక ఉపాధ్యాయుడు గాని దగ్గర ఉండాలి. అదంతా వీడియో తీయాలి. ఆమె మేజిస్ట్రేటు ముందు ఇచ్చే వాంగ్మూలాన్ని కూడా ఇలాగే తీస్తారు. విచారణలో దాన్నే ఆమె మొదటి సాక్ష్యంగా తీసుకుంటారు గనుక అంతా మళ్లీ మొదటినుంచి చెప్పనక్కరలేదు. ఎదుటి వకీలు ప్రశ్నలకు మాత్రం జవాబు చెప్పాలి. మాట రాని సాక్షి ఏ కేసులోనైనా కోర్టులో సైగలతో గాని, రాతతో గాని చెప్పవచ్చు. అది నోటితో చెప్పినట్టే లెక్క.

మధ్యవర్తి దొరకలేదని ఠాణాలో వెనక్కి పంపితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు. వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారు. టెలిఫోను నంబరు 15100. మధ్యవర్తి కావాలని కోరినట్టు కాగితం మీద రాసి ఇచ్చి, దాని నకలు దగ్గర ఉంచుకోవడం మరువరాదు.