ఎంత? ఎప్పటికి? ఎవరిది?

బ్యాంకు మేనేజరు ఇచ్చే ఆ ఉత్తరంలో ఆరేడు వాక్యాలకు మించి ఉండవు. పైన బ్యాంకు పేరు, కింద సంతకం, పక్కన గుండ్రటి ముద్ర. ముద్ర పడిందంటే పని అయిపోయినట్టేనని చాలా ఇళ్లలో అనుకుంటారు. స్కాన్ చేసి అమెరికాలోని యూనివర్సిటీకి పంపేస్తారు. వారం పది రోజులకు జవాబు వస్తుంది: 'మీరు పంపిన కాగితం సరిపోదు, సవరించి మళ్లీ పంపండి' అని. డబ్బు ఉండి కూడా ఇలా తిరిగొచ్చే ఉత్తరాలు తక్కువేమీ కావు. లోపం ఎక్కువసార్లు ఖాతాలో కాదు, రాతలో ఉంటుంది.

ఈ ఉత్తరం ఎందుకో ముందు చూద్దాం. అమెరికాలో చదవడానికి ఎఫ్-1 వీసా కావాలంటే ముందు యూనివర్సిటీ నుంచి ఐ-20 అనే పత్రం రావాలి. దాన్ని ఇచ్చే అధికారి, విద్యార్థి దగ్గర చదువుకూ బతకడానికీ సరిపడా డబ్బు ఉందని ఆధారం చూశాకే ఇవ్వాలి. అది అక్కడి నిబంధన. ఐ-20 మొదటి పేజీలో ఒక వైపు ఖర్చుల అంచనా, రెండో వైపు ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న వివరం అచ్చవుతాయి. మన బ్యాంకు ఉత్తరం ఆ రెండో వైపుకు ఆధారం. దాన్ని చదివే మనిషికి మన బ్రాంచి తెలియదు, లక్షల లెక్క తెలియదు, మన ఇంటిపేర్ల సంగతి అంతకన్నా తెలియదు. ఆయన వెతికేవి మూడే: డబ్బు ఎంత, ఏ తేదీకి ఉంది, ఎవరి పేరున ఉంది.

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని అనుకుందాం. అమ్మాయికి ఎమ్మెస్‌లో సీటు వచ్చింది. ఫీజు, వసతి, భోజనం, బీమా కలిపి మొదటి ఏడాదికి 44,500 డాలర్లు చూపమని యూనివర్సిటీ రాసింది. డాలరు 88 రూపాయలనుకుంటే 39,16,000 రూపాయలు కావాలి. తండ్రి బ్యాంకుకెళ్లి ఉత్తరం తెచ్చాడు. అందులో సేవింగ్స్ ఖాతాలో 6,20,000, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 32,30,000, మొత్తం 38,50,000 అని ఉంది. ఎప్పుడో డాలరు 85 ఉన్నప్పుడు వేసిన లెక్క ప్రకారం ఇది ఎక్కువే. ఇప్పటి రేటుకు మాత్రం 43,750 డాలర్లే అవుతుంది, అంటే 750 తక్కువ.

అసలు తేడా అంతకన్నా పెద్దది. డిపాజిట్ బాండు తీసి చూస్తే తండ్రి వేసింది 30,00,000. 32,30,000 అన్నది వచ్చే ఏడాది గడువు తీరాక చేతికొచ్చే మొత్తం. ఉత్తరం టైపు చేసిన గుమాస్తా ఆ రెండో అంకెను ఎత్తి రాశాడు. ఇలాంటి పొరపాటు పట్టుకోవాలంటే ఉత్తరాన్ని బాండు పక్కన పెట్టుకుని చదవడం ఒక్కటే మార్గం. నిజంగా చూపగలిగింది సేవింగ్స్ 6,20,000, డిపాజిట్ 30,00,000, కలిపి 36,20,000. డాలర్లలో దాదాపు 41,136. కావలసినదానికి 2,96,000 రూపాయలు తక్కువ.

తల్లి పేరున విడిగా 5,40,000 డిపాజిట్ ఉంది. దానికీ ఒక ఉత్తరం తీసుకుంటే మొత్తం 41,60,000 అవుతుంది. 88 రేటుకు 47,000 డాలర్లు దాటుతుంది. రేటు 93కి పెరిగినా 44,731 డాలర్లతో గట్టెక్కుతుంది. సరిగ్గా సరిపోయేంత చూపితే, యూనివర్సిటీ వాళ్లు తాము కాగితం తెరిచిన రోజు రేటుతో లెక్క కట్టినప్పుడు అది చాలకపోవచ్చు. అందుకే అయిదారు శాతం ఎక్కువ చూపడం మంచిది.

ఉత్తరంలో డబ్బును పేర్కొన్న మాట కూడా ముఖ్యమే. మన బ్యాంకులు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్‌లో 'ఫలానా వారు ఇన్ని లక్షల మేరకు సాల్వెంట్' అని ఉంటుంది. అది ఆ మనిషి ఆర్థిక స్తోమత గురించి బ్యాంకు చెప్పే అభిప్రాయం. అందులో ఇల్లూ పొలమూ కలిసి ఉండవచ్చు. ఖాతాలో ఇవాళ ఎంత ఉందో అది చెప్పదు. ఆస్తుల విలువ కట్టి చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చే నివేదిక సంగతీ అంతే. యూనివర్సిటీ అడిగేది అవసరమైతే వెంటనే తీసి వాడుకోగల డబ్బు గురించి. కాబట్టి 'ఈ తేదీకి ఖాతాలో ఉన్న నిల్వ ఇంత' అని చెప్పే బ్యాలెన్స్ సర్టిఫికెట్ కావాలి. వ్యాపారం చేసేవాళ్లకు కొన్నిసార్లు ఏడాదిలో ఖాతాలోకి వచ్చిన మొత్తం రాసిస్తారు. అది టర్నోవరే తప్ప నిల్వ కాదు. పన్ను మినహాయింపు కోసం వేసిన అయిదేళ్ల డిపాజిట్‌ను గడువులోపు తీయడం కుదరదు, అందువల్ల దాన్ని ఈ లెక్కలో కలపకూడదు. డిపాజిట్ మీద అప్పు తీసుకుని ఉంటే అది బ్యాంకు దగ్గర తాకట్టులో ఉన్నట్టే. ఆ అప్పును తీసేసి మిగిలినదాన్నే చూపాలి.

ఇక లక్షల కామాలు. 41,60,000 అని మనం రాస్తే చదివే అమెరికన్‌కు కామా తప్పు చోట పడ్డట్టు, ఒక అంకె జారిపోయినట్టు కనిపిస్తుంది. అక్కడ మూడేసి అంకెలకు ఒక కామా. లక్ష అనే మాట వాళ్ల వాడుకలో లేదు. అంకెలతో పాటు అక్షరాల్లోనూ రాయించి, పక్కన డాలర్లలో సమానమైన మొత్తం, ఏ తేదీ రేటుకు కట్టారో వేయిస్తే ఆయనకు లెక్క వేసే అవసరం ఉండదు. అంకెలు, అక్షరాలు ఒకటేనా అని మీరే వేలు పెట్టి చూసుకోండి. ఒక చోట 'ముప్పై ఆరు', మరో చోట 63 అని పడితే ఆ ఉత్తరం పనికిరాదు.

రెండో ప్రశ్న తేదీ. ఒక ఉత్తరంలో రెండు తేదీలు ఉండవచ్చు: ఉత్తరం రాసిన రోజు, నిల్వ చూసిన రోజు. పైన అక్టోబరు తేదీ ఉండి, లోపల 'జులై 31 నాటికి నిల్వ' అని ఉంటే యూనివర్సిటీకి లెక్క జులై 31. కొన్ని యూనివర్సిటీలు 3 నెలలకు మించి పాతది కాకూడదంటాయి, కొన్ని 6 నెలల వరకు ఒప్పుకుంటాయి. మీ యూనివర్సిటీ గడువు ఎంతో దాని ఐ-20 సూచనల్లో చూసుకోవాలి.

తేదీ రాసే తీరులో మరో చిక్కుంది. సెప్టెంబరు 3న తీసుకున్న ఉత్తరం మీద 03/09/2025 అని ఉంటుంది. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత రాస్తారు కాబట్టి అక్కడ అది మార్చి 9 అవుతుంది. అక్టోబరు మధ్యలో పంపితే నిజానికి ఆరు వారాల నాటి ఉత్తరం వాళ్లకు ఏడు నెలల పాతదిగా కనిపిస్తుంది. ఆరు నెలల గడువు దాటిందని పక్కన పెట్టేస్తారు. నెల పేరును అక్షరాల్లో రాయిస్తే ఈ తిప్పలు ఉండవు.

బ్రిటన్‌కు వెళ్లేవాళ్లకు తేదీ లెక్క ఇంకా కఠినం. అక్కడి విద్యార్థి వీసాకు కావలసిన మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. మధ్యలో ఒక్క రోజు తగ్గినా చెల్లదు. ఆ 28 రోజులు ముగిసిన తేదీ, వీసాకు దరఖాస్తు చేసిన తేదీకి 31 రోజుల లోపు ఉండాలి. అమెరికా కోసం తీసుకున్న ఒక్క రోజు నిల్వ ఉత్తరం అక్కడ సరిపోదన్నమాట.

మూడోది పేరు. తెలుగువాళ్లకు ఎక్కువ చిక్కులు ఇక్కడే. బ్యాంకులో 'కె.వి.రావు' అని ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా, పూర్తి పేరు విడిగా ఉంటాయి. పొట్టి అక్షరాల రావు, పొడుగు పేరు రావు ఒక్కరేనని మనకు చూడగానే తెలుస్తుంది, అక్కడివాళ్లకు తెలియదు. ఖాతాలో పేరు ఎలా ఉన్నా, ఉత్తరంలో పాస్‌పోర్టు ప్రకారం పూర్తి పేరు రాయమని అడగాలి. బ్యాంకు తన రికార్డులో ఉన్నట్టే ఇస్తానంటే, ముందు కేవైసీలో పేరు సరిచేయించుకుని ఆ తర్వాత ఉత్తరం తీసుకోవాలి.

మన ఉదాహరణలో ఇంకో సంగతి ఉంది. ఆ ముప్పై లక్షల డిపాజిట్ తండ్రి, నాయనమ్మ ఇద్దరి పేర్ల మీద ఉంది. ఉత్తరంలో మాత్రం తండ్రి పేరొక్కటే రాశారు. దానితో పంపిన బాండు కాపీలో రెండు పేర్లు కనిపిస్తే, 'రెండో ఆవిడ ఒప్పుకున్నారా?' అని యూనివర్సిటీ అడుగుతుంది. ఉత్తరంలో ఇద్దరి పేర్లూ ఉండాలి. ఈ డబ్బు మనవరాలి చదువుకు వాడటానికి సమ్మతమేనని నాయనమ్మ కూడా సంతకం చేసిన కాగితం పంపాలి. తల్లి డిపాజిట్ కలిపాం కాబట్టి స్పాన్సర్ పత్రం మీద ఆమె సంతకం కూడా ఉండాలి. ఉత్తరంలో ఎన్ని పేర్లుంటే స్పాన్సర్ పత్రాల్లో అన్ని సంతకాలు ఉండాలన్నదే ఇక్కడ సూత్రం. అమెరికాకు మేనమామ డబ్బయినా, బాబాయి డబ్బయినా చూపవచ్చు. బ్రిటన్ వీసాకు ఆ వీలు లేదు. అక్కడ మేనమామ ఖాతా చెల్లదు, తల్లిదండ్రులదైతే చెల్లుతుంది. దానికీ జనన ధ్రువపత్రం, వాళ్ల సమ్మతి లేఖ జత చేయాలి.

ఉత్తరం చివర 'ఖాతాదారు కోరిక మీద, బ్యాంకుకుగానీ అధికారులకుగానీ ఎలాంటి బాధ్యత లేకుండా ఇస్తున్నాం' అన్న వాక్యం చూసి కొందరు కంగారుపడతారు. అది మామూలుగా వేసే వాక్యమే. కంగారుపడాల్సింది సంతకం కింద అధికారి పేరు, హోదా, బ్రాంచి ఫోను లేదా ఈమెయిల్ లేనప్పుడు. అక్కడివాళ్లకు అనుమానం వస్తే అడిగి తెలుసుకోవడానికి దారి ఉండదు.

నాలుగు రోజులు డబ్బు ఖాతాలో వేసి, ఉత్తరం ఇప్పించి, మళ్లీ తీసేసుకునే మధ్యవర్తులు మన ఊళ్లలో ఉన్నారు. ఆ ఉత్తరంలో అంకె, తేదీ, పేరు అన్నీ సరిగ్గానే ఉండవచ్చు, ఆ డబ్బు మాత్రం మీది కాదు. వీసా కోసం అబద్ధం చెప్పారని తేలితే అమెరికా చట్టం ప్రకారం ఆ విద్యార్థికి శాశ్వతంగా ప్రవేశం మూసుకుపోతుంది.

ఉత్తరం చేతికి రాగానే కవరులో పెట్టేయకండి. పాస్‌పోర్టు, డిపాజిట్ బాండు, యూనివర్సిటీ రాసిన మొత్తం మూడూ పక్కన పెట్టుకుని బ్యాంకు కౌంటరు దగ్గరే నిలబడి చదవండి. తప్పు కనిపిస్తే పెన్నుతో దిద్దించకండి. కొత్తగా టైపు చేయించి సంతకం పెట్టించండి. బ్రాంచిలో అరగంటలో అయ్యే ఆ పని, ఉత్తరం సముద్రం దాటి తిరిగొస్తే రెండు వారాలు పడుతుంది.