గోదాము చాలనప్పుడు ఏ సరుకు ఎంత తెప్పించాలి?

ఒక సరుకును విడతకు ఎంత తెప్పించాలన్న లెక్కలో రెండు ఖర్చులు ఎదురెదురుగా ఉంటాయి. కొంచెం కొంచెంగా తెప్పిస్తే లారీ కిరాయి మాటిమాటికీ పడుతుంది. ఒకేసారి ఎక్కువ తెప్పిస్తే పెట్టుబడి మీద వడ్డీ, తరుగు పెరుగుతాయి. ఈ రెండూ కలిసి అతి తక్కువయ్యే పరిమాణానికి అమెరికా ఇంజనీరు ఫోర్డ్ హారిస్ 1913లో సూత్రం ఇచ్చాడు. ఏడాది అమ్మకం D, ఒక్కో ఆర్డరుకయ్యే ఖర్చు K, ఒక్క బస్తాను ఏడాది పాటు నిల్వ ఉంచే ఖర్చు h అనుకుంటే, తెప్పించాల్సిన Q విలువ √(2DK/h). ఈ సూత్రం ఏ సరుకుకా సరుకును విడిగా చూస్తుంది. అన్నీ ఒకే గోదాములో పట్టాలన్న సంగతి అందులో లేదు.

ఒక హోల్‌సేల్ దుకాణాన్ని ఊహించుకుంటే చిక్కు తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ బియ్యం బస్తాలు ఏడాదికి 3,600, నూనె డబ్బాలు 2,400, మరమరాల బస్తాలు 1,350 అమ్ముడవుతాయి. ఆర్డరుకు ఖర్చు దేనికైనా 500 రూపాయలు. ఏడాది నిల్వ ఖర్చు బియ్యం బస్తాకు 160, నూనె డబ్బాకు 240, మరమరాల బస్తాకు 60 రూపాయలు. హారిస్ సూత్రం ప్రకారం బియ్యం 150, నూనె 100, మరమరాలు 150 చొప్పున తెప్పించాలి. బియ్యం బస్తాకు 1 ఘనపు అడుగు, నూనె డబ్బాకు ముప్పాతిక, మరమరాల బస్తాకు 4 ఘనపు అడుగుల చోటు కావాలి. మొత్తం 825. గోదాములో ఉన్నది 600.

చాలామందికి మొదట తట్టేది అన్నిటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించడం. అది న్యాయంగా కనిపిస్తుంది గానీ లెక్కకు నిలవదు. చోటంతా మింగుతున్నది మరమరాలు. వాటి కోసం బియ్యం, నూనె కూడా నష్టపోవడం అనవసరం.

18వ శతాబ్దపు గణితవేత్త లాగ్రాంజ్ పేరుతో పిలిచే గుణకం ఇక్కడ దారి చూపుతుంది. ప్రతి ఘనపు అడుగుకూ ఏడాదికి λ (లామ్డా) రూపాయల ఊహా అద్దె ఉందనుకోవాలి. ఎవరూ కట్టని అద్దె అది. దాన్ని కలిపితే సూత్రం ఇలా మారుతుంది. ఇందులో w ఒక్క బస్తాకు కావలసిన చోటు.

```
Q = √( 2DK / (h + 2λw) )
```

ఆ 2 ఎందుకు వచ్చిందో గమనించాలి. సరుకు అమ్ముడవుతూ పోతుంది గనుక వడ్డీ సగటున సగం నిల్వ మీదే పడుతుంది. చోటు మాత్రం పూర్తి నిల్వకు సరిపడా కేటాయించాలి. ఈ 2ను మరిచినా జవాబులోని పరిమాణాలు మారవు, కానీ λ విలువ రెట్టింపై కనిపించి అద్దె లెక్కను తప్పుదారి పట్టిస్తుంది.

λ ఎంతో ముందుగా తెలియదు. పెంచేకొద్దీ అన్ని పరిమాణాలూ తగ్గుతాయి కాబట్టి వెతకడం సులువు. సున్నా దగ్గర 825 అడుగులు కావాలి. 5 దగ్గర సుమారు 684, 10 దగ్గర 607. 10.6 దగ్గర 600కు దిగుతుంది. అప్పుడు బియ్యం 141, నూనె 97, మరమరాలు 96. బియ్యం, నూనె దాదాపు కదలలేదు. మరమరాలు మూడో వంతుకు పైగా తగ్గాయి.

ఖర్చు కూడా అదే చెబుతుంది. చోటు పరిమితి లేకపోతే ఏడాదికి 57,000 రూపాయలు. గుణకంతో తేల్చిన పరిమాణాలతో సుమారు 57,970. అన్నిటినీ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తే 59,900 దాటుతుంది. అంటే పరిమితి వల్ల అదనంగా పడే భారం దాదాపు మూడు రెట్లవుతుంది.

λకు మరో ఉపయోగం ఉంది. ఇంకొక్క ఘనపు అడుగు చోటు దొరికితే ఏడాదికి మిగిలేది సుమారు 10.6 రూపాయలే. పక్క గోదాము అద్దె అంతకంటే ఎక్కువైతే తీసుకోవడం దండగ. అయితే ఈ ధర మొదటి కొద్ది అడుగులకే వర్తిస్తుంది. లోటుగా ఉన్న 225 అడుగులనూ 10.6తో గుణిస్తే 2,385 రూపాయలు వస్తుంది. నిజానికి ఆ చోటంతా దొరికినా మిగిలేది 970 మాత్రమే. చోటు పెరిగేకొద్దీ తర్వాతి అడుగు విలువ తగ్గుతూ పోతుంది.

ఈ పద్ధతిలో ఒక జాగ్రత్త దాగి ఉంది. మూడు సరుకులూ ఒకే రోజు వచ్చి దిగినా పట్టేలా చోటు లెక్కిస్తుంది. పై ఉదాహరణలో బియ్యం, నూనె సుమారు రెండు వారాలకోసారి, మరమరాలు 26 రోజులకోసారి వస్తాయి. అన్నీ ఒకే రోజు దిగడం అరుదు గనుక చాలా రోజులు గోదాములో ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీని చూసి ఆర్డర్లు పెంచితే, లారీలు కలిసి వచ్చిన రోజున సరుకు వీధిలో దించాల్సి వస్తుంది. రాకలను ముందే ఒకదాని తర్వాత ఒకటిగా ఏర్పాటు చేసుకోగలిగిన దుకాణమే ఈ పరిమితిని సడలించవచ్చు.