పేరు అదే, లోపలి మోడల్ వేరు

2023 మార్చిలో, మళ్లీ జూన్‌లో స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ పరిశోధకులు జీపీటీ-4 మోడల్‌కి అవే 50 ప్రోగ్రామింగ్ లెక్కలు ఇచ్చి చూశారు. కోడ్ తప్ప ఇంకేమీ రాయొద్దన్నది షరతు. మార్చిలో 52 శాతం జవాబులు ఉన్నవి ఉన్నట్టే నడిచాయి. జూన్‌లో నడిచినవి 10 శాతమే. మోడల్ తెలివి తగ్గిందా? కాదు. కొత్త వెర్షన్ కోడ్‌కి ముందూ వెనకా మూడేసి బ్యాక్‌టిక్ గుర్తులు పెట్టడం మొదలుపెట్టింది. చదివే మనిషికి అవి అడ్డు కావు. ఆ జవాబును నేరుగా అందుకునే ప్రోగ్రాం మాత్రం అక్కడే ఆగిపోతుంది.

చాట్‌బాట్ నడిపేవాళ్లకు వచ్చే కష్టం సరిగ్గా ఇదే. తమ కోడ్‌లో ఒక్క అక్షరం మారదు, జవాబులు మారిపోతాయి. మొదటి జాగ్రత్త మోడల్ పేరు రాసే చోటే ఉంది.

```
model="gpt-4o"
model="gpt-4o-2024-08-06"
```

మొదటి పేరు ఏ వెర్షన్‌కి దారి చూపాలో కంపెనీ నిర్ణయిస్తుంది, ఎప్పుడైనా మారుస్తుంది. రెండోదానిలో తేదీ ఉంది కాబట్టి ఆ వెర్షనే వస్తుంది. దీన్నే పిన్ చేయడం అంటారు. అయితే పాత వెర్షన్లను కంపెనీలు కొన్నాళ్లకు తీసేస్తాయి. మారక తప్పని ఆ రోజుకు రిగ్రెషన్ టెస్టులు సిద్ధంగా ఉండాలి. అంటే నిన్నటిదాకా సరిగా చెప్పినవి ఇప్పుడూ సరిగా చెబుతోందా అని చూసే పరీక్షలు.

బస్సు టికెట్లు రద్దు చేసే తెలుగు చాట్‌బాట్ ఉందనుకుందాం. ప్రయాణికులు నిజంగా అడిగిన ప్రశ్నలు 60 ఏరి పెట్టుకోవాలి. జవాబును అక్షరం అక్షరం పోల్చి లాభం లేదు, ‘డబ్బు తిరిగి వస్తుంది’ అన్నా ‘రీఫండ్ అవుతుంది’ అన్నా ఒకటే. చూడాల్సింది వేరు: 450 రూపాయలు రావాల్సిన చోట 450 అనే చెప్పిందా, ‘మీరు’ అనాల్సింది ‘నువ్వు’ అందా, మధ్యలో ఇంగ్లీషులోకి జారిందా. అదే ప్రశ్నకు జవాబు ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది కనుక ప్రతిదీ ఐదుసార్లు అడగాలి. పాత వెర్షన్ ఐదుకు ఐదు సరిగా చెప్పి, కొత్తది మూడే చెబితే, కారణం తెలిసేదాకా మార్చకూడదు.

ప్రశ్నల ఎంపికలోనూ మోసపోవచ్చు. ఆ పరిశోధకులే మోడల్‌కి సంఖ్యలిచ్చి, ఇవి ప్రధాన సంఖ్యలేనా అని అడిగారు. మార్చిలో దాదాపు అన్నీ ఒప్పు, జూన్‌లో దాదాపు అన్నీ తప్పు. కానీ ఇచ్చినవన్నీ ప్రధాన సంఖ్యలే! ప్రిన్స్‌టన్‌కి చెందిన అరవింద్ నారాయణన్, సయాష్ కపూర్ వేరే సంఖ్యలు కూడా ఇచ్చి చూస్తే అసలు సంగతి బయటపడింది. మార్చి వెర్షన్ దాదాపు దేనికైనా అవుననేది, జూన్ వెర్షన్ దాదాపు దేనికైనా కాదనేది. లెక్క రెండింటికీ రాదని వాళ్లు తేల్చారు. అందుకే మన 60 ప్రశ్నల్లో రద్దు చేయాల్సిన టికెట్లతో పాటు, బస్సు బయల్దేరిపోయింది కాబట్టి రద్దు కుదరదని చెప్పాల్సినవీ ఉండాలి.