ఒకే గ్రాఫ్‌లో మూడు గీతలు

అక్షర క్రమంలో ఉన్న పేర్ల జాబితాను ఊహించుకోండి. పేర్ల సంఖ్య n. కావలసిన పేరును మొదటి నుంచి ఒక్కొక్కటిగా వెతికితే, చివరి దాకా చూడాల్సి రావచ్చు. ఇది O(n). నడిమధ్య పేరు చూసి, అక్కర్లేని సగాన్ని పక్కన పెట్టేస్తూ పోతే O(log n). ఇక ఒకే పేరు రెండుసార్లు పడిందేమోనని ప్రతి పేరునూ మిగతా అన్నిటితో పోల్చి చూస్తే O(n²).

పది పేర్లుంటే ఈ పనులకు గరిష్ఠంగా 10, 4, 45 పోలికలు పడతాయి. తేడా పట్టించుకునేంత లేదు. వెయ్యికి చేరితే 1,000, 10, 4,99,500. ఈ మూడింటినీ పది సెంటీమీటర్ల ఎత్తున్న గ్రాఫ్‌లో గీస్తే n² గీత పైఅంచును తాకుతుంది. n గీత మాత్రం మిల్లీమీటరులో ఐదో వంతు ఎత్తుకే లేస్తుంది. log n గీత నేలలో కలిసిపోతుంది. కింది రెండూ ఒకటేననిపిస్తుంది, కానీ వాటి మధ్య నూరు రెట్ల తేడా ఉంది. నిలువు కొలత n² కోసం సాగడం వల్లే అవి అణిగిపోయాయి.

పది లక్షల పేర్లకు log n పద్ధతిలో 20 పోలికలు చాలు. జంటలుగా పోల్చాలంటే దాదాపు 50 వేల కోట్లు కావాలి. సెకనుకు 10 కోట్ల పోలికలు చేసే యంత్రానికి కూడా గంటా ఇరవై మూడు నిమిషాలు పడుతుంది.

గ్రాఫ్‌లో ఎడమ మూల కూడా చూడదగ్గదే. ఒక్కో అడుగు ఖరీదైనదైతే O(n) పద్ధతి ఖర్చు 100n కావచ్చు. అప్పుడు n వంద దాటేదాకా n² పద్ధతే చవక. బిగ్-ఓ ఆ 100ను లెక్కలోకి తీసుకోదు. టిమ్ పీటర్స్ 2002లో పైథాన్ కోసం రాసిన సార్టింగ్ పద్ధతి, 64 కంటే తక్కువ అంశాలున్న జాబితాలకు O(n²) రకపు ఇన్సర్షన్ సార్ట్‌నే వాడుతుంది. అది మంచి నిర్ణయమని నా అభిప్రాయం.

మీ ప్రోగ్రామ్ ఏ గీత మీద ఉందో తేల్చుకోవాలంటే రెండు అక్షాలనూ లాగరిథమిక్ కొలతలోకి మార్చండి. n గీత 1 వాలుతో, n² గీత 2 వాలుతో నిటారు రేఖలవుతాయి. ఆ 100 లాంటి గుణకం రేఖను పైకి జరుపుతుందే తప్ప వాలును మార్చదు. log n మాత్రం వంగుతూ చదునవుతుంది. గ్రాఫ్ లేకపోయినా n రెట్టింపు చేసి సమయం చూడవచ్చు: రెట్టింపైతే n, నాలుగింతలైతే n², కాస్త మాత్రమే పెరిగితే log n. అయితే ఈ కొలత పెద్ద n దగ్గరే తీయాలి. చిన్న జాబితాల్లో ప్రోగ్రామ్ మొదలవడానికి పట్టే సమయమే ఎక్కువగా ఉండి, మూడు గీతలూ చదునుగానే కనిపిస్తాయి.