ఎల్‌పీ రికార్డు గాడి వెనక రెండు పోల్స్, ఒక జీరో

ఎల్‌పీ రికార్డు గాడిలో పాట ఉన్నది ఉన్నట్టు ఉండదు. మంద్ర స్వరాలను అదే బలంతో చెక్కితే గాడి పక్కలకు బాగా ఊగి పొరుగు గాడిలోకి చొరబడుతుంది. అందుకని రికార్డు కోసేటప్పుడే బేస్‌ను తగ్గిస్తారు. ట్రెబుల్‌ను మాత్రం పెంచి చెక్కుతారు. వినేటప్పుడు దాన్ని మళ్లీ తగ్గిస్తే, సూది రాపిడి వల్ల వచ్చే బరబర శబ్దం కూడా దానితో పాటు తగ్గిపోతుంది. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నదానికి 1954లో అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఒక ప్రమాణం పెట్టింది. ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషన్ అంటే అదే. ఆ ప్రమాణం ప్రకారం పాటను యథాస్థితికి తెచ్చే పని ఆంప్లిఫయర్‌లోని ఫోనో స్టేజిది. దాని ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ ఇది:

```
H(s) = (1 + 0.000318 s) / [(1 + 0.00318 s)(1 + 0.000075 s)]
```

హారంలో రెండు పోల్స్, లవంలో ఒక జీరో. దీని ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గీయడానికి కంప్యూటర్ అక్కర్లేదు. సెమీలాగ్ కాగితం, స్కేలు, పెన్సిలు ఉంటే పావుగంట పని. 1930ల్లో బెల్ ల్యాబ్స్‌లో హెండ్రిక్ బోడే రూపొందించిన ఈ పద్ధతిని మన ఇంజినీరింగ్ కాలేజీల్లో కంట్రోల్ సిస్టమ్స్ పాఠంలో ఇప్పటికీ చెబుతున్నారు.

పద్ధతికి ఆధారం ఒక్క చిన్న విషయం. (1 + sτ) లాంటి ఒక పదాన్ని తీసుకోండి. ఫ్రీక్వెన్సీ తక్కువగా ఉన్నప్పుడు అందులో 1దే పెత్తనం, రెండో భాగం లెక్కలోకి రాదు. కాబట్టి ఆ పదం విలువ 0 డెసిబెల్స్. ఫ్రీక్వెన్సీ పెరిగాక sτ పెద్దదై 1ని పక్కకు నెట్టేస్తుంది. అక్కడి నుంచి ఫ్రీక్వెన్సీ పది రెట్లయిన ప్రతిసారీ, అంటే ఒక్కో డెకేడ్‌కు, విలువ 20 డెసిబెల్స్ మారుతుంది. ఈ రెండు సరళరేఖలు కలిసే చోటు కార్నర్ ఫ్రీక్వెన్సీ. జీరో దగ్గర గీత 20 డెసిబెల్స్ వాలుతో పైకి మళ్లుతుంది, పోల్ దగ్గర అంతే వాలుతో కిందికి మళ్లుతుంది. డెసిబెల్స్‌లో గుణకారం కూడికగా మారుతుంది కాబట్టి మూడు పదాల గీతలనూ కూడితే చాలు.

ముందు కార్నర్లు కనుక్కోవాలి. మూడు టైమ్ కాన్‌స్టెంట్లు 3180, 318, 75 మైక్రోసెకన్లు. పది లక్షలను 2πతో భాగిస్తే వచ్చే 1,59,155ను ఒక్కొక్క దానితో భాగిస్తే హెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీ వస్తుంది: పోల్ 50 దగ్గర, జీరో 500 దగ్గర, రెండో పోల్ 2122 దగ్గర. చాలామంది తడబడేది ఇక్కడే. టైమ్ కాన్‌స్టెంట్‌ను తిరగేస్తే వచ్చేది సెకనుకు రేడియన్లు, హెర్ట్జ్ కాదు. 2πతో భాగించడం మరిచిపోతే 50 హెర్ట్జ్ దగ్గర ఉండాల్సిన కార్నర్ 314కు జరుగుతుంది, మిగతావి కూడా అలాగే కుడివైపుకు పోతాయి. గీత ఆకారం మాత్రం చెడదు కాబట్టి తప్పు కంటికి ఆనదు. 20,000 హెర్ట్జ్ దగ్గర మాత్రం ఏకంగా 16 డెసిబెల్స్ తేడా వస్తుంది.

ఇంకో తప్పు పుస్తకాల్లోని రాత పద్ధతి వల్ల వస్తుంది. ఇదే ఫంక్షన్‌ను కొన్ని చోట్ల `1333 (s + 3145) / [(s + 314.5)(s + 13333)]` అని రాస్తారు. ముందున్న 1333ను చూసి గీతను 62.5 డెసిబెల్స్ దగ్గర మొదలుపెడితే మొత్తం బొమ్మ ఆకాశంలో తేలుతుంది. s స్థానంలో సున్నా వేసి చూడండి, విలువ 1 వస్తుంది. అంటే గీత 0 డెసిబెల్స్ దగ్గరే మొదలవాలి. గీయడానికి ముందు ప్రతి పదాన్నీ (1 + sτ) రూపంలోకి తెచ్చుకుంటే ఈ ఇబ్బందే ఉండదు.

ఇక కాగితం మీదికి వద్దాం. అడ్డంగా 10 నుంచి 1,00,000 హెర్ట్జ్ వరకు నాలుగు డెకేడ్లు, నిలువుగా 0 నుంచి -60 డెసిబెల్స్ వరకు తీసుకోండి. సెమీలాగ్ కాగితం లేకపోయినా మామూలు గ్రాఫ్ కాగితం మీద డెకేడ్‌ను పది భాగాలు చేసుకుంటే 2 మూడో గీత మీద, 5 ఏడో గీత మీద దాదాపుగా పడతాయి. ఆ రెండూ గుర్తుంటే చాలు, మిగతావి అంచనాకు అందుతాయి. 2122 హెర్ట్జ్ వెయ్యి తర్వాతి డెకేడ్‌లో మూడో వంతు దూరాన ఉంటుంది.

ఎడమ అంచు నుంచి 50 వరకు 0 డెసిబెల్స్ మీద అడ్డగీత. 50 దగ్గర మొదటి పోల్ తగిలి గీత కిందికి వాలుతుంది. 500 వరకు సరిగ్గా ఒక డెకేడ్ కాబట్టి అక్కడికి -20కి చేరుతుంది. అక్కడ జీరో ఎదురై పోల్ వాలును రద్దు చేస్తుంది, గీత మళ్లీ అడ్డంగా సాగుతుంది. 2122 దగ్గర రెండో పోల్, మళ్లీ కిందికి. 20,000 హెర్ట్జ్ వచ్చేసరికి -39.5. మధ్యలో ఒక చదును మెట్టు, దానికి అటూ ఇటూ వాలు: ఆర్‌ఐఏఏ బొమ్మ ఇంతే.

ఈ గీత సరిగా పడిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది, నాకు బాగా నచ్చినది. ఫ్రీక్వెన్సీ చాలా ఎక్కువైనప్పుడు మూడు పదాల్లోనూ 1ని వదిలేయవచ్చు. మిగిలేది `1 / (0.00075 s)`, అంటే 750 మైక్రోసెకన్ల ఇంటిగ్రేటర్. అది 0 డెసిబెల్స్ గీతను 212 హెర్ట్జ్ దగ్గర కోయాలి. కాగితం మీద చివరి వాలు గీతకు స్కేలు ఆనించి వెనక్కి పొడిగించండి. 212 దగ్గర పైగీతను తాకితే మధ్యలోని మూడు మలుపులూ సరైన చోటే ఉన్నట్టు. ఎడమ నుంచి నడిచి వచ్చిన లెక్కను కుడి నుంచి, దానితో సంబంధం లేని దారిలో సరిచూసుకున్నట్టవుతుంది.

సరళరేఖలు అసలు వక్రం కావు కదా, ఎంత తేడా ఉంటుంది? కార్నర్ దగ్గర 3 డెసిబెల్స్, దానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ దగ్గరా సగం ఫ్రీక్వెన్సీ దగ్గరా దాదాపు 1 డెసిబెల్. పోల్ అయితే వక్రం గీతకు కింద, జీరో అయితే పైన. ఈ మూడు చుక్కలు పెట్టి చేత్తో కలిపితే వక్రం వచ్చేస్తుంది. 500 దగ్గర జీరో వల్ల 3 పైకి, కొంచెం దూరంలో ఉన్న రెండో పోల్ వల్ల పావు డెసిబెల్ కిందికి. లెక్కించిన అసలు విలువ -17.3. ఇక 1000 హెర్ట్జ్ దగ్గర ఏమవుతుందో చూడండి. అది 500కు రెట్టింపు, 2122కు దాదాపు సగం. జీరో ఒక డెసిబెల్ పైకి లాగితే పోల్ దాదాపు అంతే కిందికి లాగుతుంది. అసలు విలువ -19.91, సరళరేఖ చెప్పింది -20. ఆర్‌ఐఏఏ పట్టికల్లో గెయిన్ అంతా 1000 హెర్ట్జ్‌తో పోల్చి చెబుతారు, సరిగ్గా ఆ చోటే స్కేలు గీత తప్పు దాదాపు మాయమవుతోంది.

ఫేజ్ దగ్గర మాత్రం స్కేలును అంతగా నమ్మకూడదు. పాఠాల్లో చెప్పే పద్ధతి ఇది: కార్నర్‌కు పదో వంతు దగ్గర మొదలై, పది రెట్ల దగ్గర ముగిసేలా డెకేడ్‌కు 45 డిగ్రీల వాలు గీయాలి. ఒక్క పోల్ ఉంటే తప్పు 6 డిగ్రీలు కూడా దాటదు. మన ఫంక్షన్‌కు అదే చేస్తే గీత 50 నుంచి 212 హెర్ట్జ్ వరకు -45 డిగ్రీల మీద నిలిచి, తర్వాత -62కు దిగి, 500 నుంచి 5000 వరకు అక్కడే ఉంటుంది. అసలు ఫేజ్ 212 దగ్గర -59.5. ఆ తర్వాత దిగడం మాని పైకి లేస్తుంది! 1000 హెర్ట్జ్ దగ్గర -49కి వచ్చి, అప్పుడు మళ్లీ కిందికి తిరుగుతుంది. గీత దిగుతున్నదని చెప్పిన చోట వక్రం ఎక్కుతోంది. కారణం ఏమిటంటే 212 దగ్గర మూడు పదాల తప్పులూ ఒకే వైపు ఉన్నాయి: మూడున్నర, అయిదుకు పైగా, ఆరుకు కాస్త తక్కువ. కలిపితే 14 డిగ్రీలు దాటుతాయి. కార్నర్లు ఇలా దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు ఫేజ్‌కు స్కేలు పక్కన పెట్టి కాలిక్యులేటర్‌లో ఆర్క్‌టాన్ నొక్కడమే మేలు. 20, 50, 200, 1000, 5000, 20,000 హెర్ట్జ్ దగ్గర ఈ లెక్క వేస్తే చాలు:

```
phase = -atan(f/50) + atan(f/500) - atan(f/2122)
```

ఆరు చుక్కలు కలిపితే ఆ చిన్న మూపురం స్పష్టంగా కనిపిస్తుంది. రెండు చివరలు ముందే తెలుసు: ఎడమ కొస 0, కుడి కొస -90, ఎందుకంటే పోల్స్ జీరోల కన్నా ఒకటి ఎక్కువ.

చేత్తో గీసిన ఈ బొమ్మ పనికొచ్చే తీరు ఒకటి చూద్దాం. 1000 హెర్ట్జ్ దగ్గర వంద రెట్ల గెయిన్ కావాలనుకుందాం, అంటే 40 డెసిబెల్స్. బొమ్మ మొత్తాన్ని 60 పైకి జరపాలి. గీత ఇప్పుడు 60 దగ్గర మొదలై, మెట్టు మీద 40కి వచ్చి, చివరి వాలులో 2,12,000 హెర్ట్జ్ దగ్గర 0ను తాకుతుంది. అదే కాగితం మీద, ఈ పని అప్పగించదలచిన ఆప్-ఆంప్ సొంత గెయిన్‌ను కూడా గీయండి. పాత 741 అయితే 10,00,000 హెర్ట్జ్ దగ్గర 0ను తాకే వాలు గీత అది. 2122 దాటాక రెండు గీతలూ సమాంతరంగా సాగుతాయి, మధ్య ఎడం 13.5 డెసిబెల్స్, అంటే 4.7 రెట్లు. ఫీడ్‌బ్యాక్‌కు మిగిలిన బలం అంతే. అంత తక్కువ బలంతో గెయిన్ ఉండాల్సిన దానిలో 4.7/5.7 వంతుకు పడిపోతుంది. ట్రెబుల్ దాదాపు 1.7 డెసిబెల్స్ తక్కువగా వినిపిస్తుంది. అదే కాగితం మీద 1,00,00,000 హెర్ట్జ్ దగ్గర 0ను తాకే ఎన్‌ఈ5532 గీత గీస్తే ఎడం 33.5 అవుతుంది, లోటు 0.2 డెసిబెల్‌కు లోపే ఉంటుంది.